కల్, పర్సోం, పౌనే, హాల్ప్: అవతలివాళ్లు చెప్పిన టైము తప్పు లేకుండా పట్టుకోవడం ఎలా

"సార్, హిందీలో కల్ అంటే నిన్నా, రేపా?" ఈ ప్రశ్న నాకు వారానికి ఒక్కసారైనా వస్తుంది. సాయంత్రం బ్యాచ్‌లకు మాట్లాడే హిందీ చెబుతుంటాను. ఈ మధ్య జర్మనీ వెళ్లే పిల్లలు ఇంకో ప్రశ్న తెస్తున్నారు: "హాల్ప్ ఫీర్ అంటే నాలుగున్నర కదా?" కాదు, మూడున్నర. రెండు ప్రశ్నలకూ జవాబు ఒక్క ముక్కలో చెప్పి పంపితే మళ్లీ అదే తప్పు చేస్తున్నారు. అందుకే ఫోన్‌లో ఎవరైనా టైము చెప్పినప్పుడు దాన్ని తేదీగా, గంటలుగా ఎలా మార్చుకోవాలో ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

కావలసినవి

కళ్లెదురుగా ఒక క్యాలెండర్, ఒక పెన్ను. ఫోన్‌లో గడియారాన్ని 24 గంటల పద్ధతికి మార్చుకోండి. అదే నాలుగు రోజుల్లో అలవాటైపోతుంది. ఇంకొకటి, అవతలి మనిషిని తిరిగి అడగడానికి మొహమాటం వద్దు. నేను చూసిన తప్పుల్లో సగం అర్థం కాక జరిగినవి కావు, అడగడానికి సిగ్గుపడి "ఠీక్ హై" అనేయడం వల్ల జరిగినవి.

1. ముందు ఏడు రోజుల గీత గీసుకోండి

కాగితం మీద ఈ రోజును మధ్యలో రాయండి. ఈ రోజు బుధవారం, 10వ తేదీ అనుకుందాం. ఎడమవైపు నిన్న 9, మొన్న 8, అటుమొన్న 7. కుడివైపు రేపు 11, ఎల్లుండి 12, ఆవలెల్లుండి 13. చివరి రెండు మాటలకు మీ ఊళ్లో వేరే రూపం ఉండొచ్చు, మీరు అనేదే రాసుకోండి.

మన దగ్గర ఒక్కో గడికి ఒక్కో పేరు ఉంది. ముందుకు వెళ్లే పేర్లు వేరు, వెనక్కి వెళ్లే పేర్లు వేరు. అందుకే మాట వినగానే రోజు తెలిసిపోతుంది, వాక్యంలో మిగతా ముక్కలు వినకపోయినా నడుస్తుంది. వేరే భాష వినేటప్పుడు మనల్ని దెబ్బతీసేది ఈ అలవాటే.

ఒక జాగ్రత్త. మనం కూడా "మొన్న"ను ఎప్పుడూ లెక్కగా వాడం. "మొన్న సంక్రాంతికి ఊరెళ్లాం" అని జూన్‌లో కూడా అంటాం. హైదరాబాద్ దక్కనీలో పర్సోం కూడా ఇలాగే సాగుతుంది. రెండు రోజుల కిందటిదీ పర్సోమే, రెండు నెలల కిందటిదీ పర్సోమే. డబ్బు ఇచ్చిన రోజు, సరుకు పంపిన రోజు లాంటివి మాట్లాడుతున్నప్పుడు "మొన్న" అన్నా "పర్సోం" అన్నా వెంటనే తేదీ అడగండి.

2. కల్ వినగానే ఆగండి, క్రియ వచ్చేదాకా రోజు తేల్చకండి

హిందీలో కల్ అంటే ఈ రోజుకు ఒక గడి అవతల. అది కుడివైపో ఎడమవైపో ఆ మాటలో లేదు. పర్సోం రెండు గడులు, అంతే. ఎటువైపో చెప్పేది వాక్యం చివర ఉండే క్రియ. కాబట్టి కల్ వినగానే గీత మీద రెండు పక్కలా వేలు పెట్టి ఉంచుకుని, చివరి మాట కోసం చూడండి.

క్రియ చివర గా, గే, గీ వస్తే అది రాబోయేది. "కల్ ఆయేగా" అంటే రేపు వస్తాడు. "పర్సోం భేజేంగే" అంటే ఎల్లుండి పంపుతాం.

ఆయా, గయా, దియా, భేజా లాంటి రూపం గానీ, చివర థా, థే, థీ గానీ వస్తే చాలావరకు అది జరిగిపోయింది. "కల్ భేజా థా" అంటే నిన్న పంపాను. "పర్సోం గయా" అంటే మొన్న వెళ్లాడు.

చివర హై, హూం ఉంటే మామూలుగా ముందుకే. "కల్ జానా హై" అంటే రేపు వెళ్లాలి. "కల్ జా రహా హూం" అంటే రేపు వెళ్తున్నాను.

ఇక్కడిదాకా అందరూ నేర్చుకుంటారు. తప్పులు జరిగేది ఈ కింది మూడు చోట్ల.

మొదటిది "కల్ సే". "కల్ సే బుఖార్ హై" అంటే నిన్నటినుంచి జ్వరం. "కల్ సే ఛుట్టీ హై" అంటే రేపటినుంచి సెలవు. రెండింటిలోనూ చివర హై ఉంది, క్రియ మనకేమీ సాయం చేయదు. విషయాన్ని బట్టి తేల్చుకోవాలి. జ్వరం రేపటినుంచి ఉండదు కాబట్టి మొదటి వాక్యంలో చిక్కు లేదు. "కల్ సే దుకాన్ బంద్ హై" అంటే మాత్రం రెండూ కుదురుతాయి. అప్పుడు అడగాల్సిందే.

రెండోది "కల్ జానా థా". మా బ్యాచ్‌లో నూటికి తొంభై మంది దీన్ని "నిన్న వెళ్లాల్సింది" అని రాస్తారు. అది సరైనదే, కానీ పూర్తిగా కాదు. "ముఝే కల్ జానా థా, టికట్ నహీం మిలా" అన్న మనిషి రేపటి ప్రయాణం గురించి కూడా చెబుతుండవచ్చు: రేపు వెళ్దామనుకున్నాను, టికెట్ దొరకలేదు. థా ఇక్కడ అనుకోవడం జరిగిపోయిందని చెబుతోంది, ప్రయాణం రోజును కాదు. మన తెలుగులో "రేపు వెళ్లాల్సింది, కుదరలేదు" అంటామే, అలాగే.

మూడోది క్రియే లేని ముక్కలు. "కల్ కా ప్రోగ్రామ్", "కల్ వాలా బిల్", మెసేజ్‌లో ఒక్క మాటగా "కల్". వీటికి నియమం ఏమీ లేదు, ముందూ వెనకా ఏం మాట్లాడుకున్నారో చూడాలి. అనుమానం ఉంటే "ఆనే వాలా కల్, యా బీతా హువా కల్?" అని అడగండి. రాబోయే కలా, గడిచిన కలా అని. హిందీవాళ్లు కూడా తమలో తాము ఇలా అడుగుతుంటారు, ఇందులో నామోషీ ఏమీ లేదు.

పర్సోం తరవాత నర్సోం, తర్సోం అనే మాటలు కూడా వినిపిస్తాయి. అంటే మూడు గడులు, అదీ రెండువైపులా. కొన్ని ఇళ్లలో ఇవి రోజూ వాడతారు, కొందరికి అసలు అలవాటు లేదు. మీరు వాడకండి, విన్నప్పుడు తేదీ అడగండి.

3. గంటల ముక్కలు: పౌనే దగ్గర ఎక్కువ జాగ్రత్త

వరంగల్‌లో చీరల షాపు ఉన్న ఒకాయన నా దగ్గర హిందీ నేర్చుకునేవారు. సూరత్ నుంచి సరుకు వస్తుంది. ఒక రోజు పంపేవాళ్లు ఫోన్ చేసి "కల్ పౌనే చార్ బజే గాడీ పహుంచేగీ" అన్నారు. ఈయన కల్‌ను సరిగ్గానే పట్టుకున్నారు. చివర గీ ఉంది, కాబట్టి రేపు. పౌనే మాత్రం చెవికి పావులా వినిపించింది. చార్ అంటే నాలుగు, దానికి పావు కలిపితే నాలుగుంపావు. కుర్రాళ్లను ఆ టైముకు రమ్మన్నారు. బండి 3:45కే వచ్చింది. దింపేవాళ్లు లేక డ్రైవర్ ఇరవై నిమిషాలు చూసి తరవాతి షాపుకు వెళ్లిపోయాడు. ఆ బేళ్లు మళ్లీ వచ్చేసరికి రాత్రి తొమ్మిదైంది.

పౌనే అంటే పావు తక్కువ. పౌనే చార్ అంటే పావు తక్కువ నాలుగు, 3:45. మన "నాలుగుంపావు"కు హిందీలో సవా చార్ అనాలి. రెండింటికీ తేడా అరగంట. ఈ వరుస రాసుకోండి:

- సవా తీన్: మూడుంపావు, 3:15
- సాఢే తీన్: మూడున్నర, 3:30
- పౌనే చార్: పావు తక్కువ నాలుగు, 3:45

సాఢే ఒకటికీ రెండుకీ పనికిరాదు. ఒకటిన్నరకు డేఢ్, రెండున్నరకు ఢాయీ అని వేరే మాటలున్నాయి. "సాఢే ఏక్ బజే" అంటే అర్థమవుతుంది గానీ, ఎవరూ అలా అనరు. డేఢ్, ఢాయీ రెండూ చెవికి దగ్గరగా ఉండటంతో తారుమారు చేసేవాళ్లు ఎక్కువ. దీనికి డబ్బు లెక్క సాయపడుతుంది. ఆటో బేరంలో డేఢ్ సౌ అంటే 150 అని హైదరాబాద్‌లో ఉన్నవాళ్లందరికీ తెలుసు. ఢాయీ సౌ అంటే 250. పౌనే దో సౌ అంటే 175, రెండు వందల కన్నా తక్కువ. పౌనే ఎప్పుడూ వెనక్కే లాగుతుందని ఈ 175తో గుర్తుంచుకున్నవాళ్లు మళ్లీ తప్పు చేయడం నేను చూడలేదు.

అంకె లేకుండా వచ్చినా కంగారు పడకండి. "సవా బజే" అంటే 1:15. "పౌన్ బజే" అంటే ముప్పావు, అంటే 12:45. పౌనే ఏక్ అన్నా అదే.

4. బజే, ఘంటే కలపకండి

ఇది వినడంలో కాక, మనం మాట్లాడటంలో చేసే తప్పు. తెలుగులో గంట అనే ఒక్క మాటతో రెండు పనులూ చేస్తాం. "మూడు గంటలకు రా" అంటే గడియారంలో మూడు. "మూడు గంటల్లో రా" అంటే ఇప్పటినుంచి మూడు గంటల వ్యవధి. చివరి ప్రత్యయమే తేడా చూపిస్తుంది. హిందీలో మాటే మారుతుంది. గడియారానికి బజే, వ్యవధికి ఘంటే.

మనవాళ్లు "తీన్ ఘంటే కో ఆవో" అంటారు. అవతలి మనిషికి ఘంటే గట్టిగా వినిపించి, మూడు గంటలు పోయాక రమ్మన్నారనుకునే ప్రమాదం ఉంది. "తీన్ బజే ఆయియే" అనండి. పెద్దవాళ్లతో, కస్టమర్లతో ఆయియే, తోటివాళ్లతో ఆవో. అలాగే "డేఢ్ బజే" అంటే మధ్యాహ్నం ఒకటిన్నర, "డేఢ్ ఘంటే మేం" అంటే ఇంకో గంటన్నరలో.

తమిళం, కన్నడంలో గంటల ముక్కలు మన పద్ధతిలోనే ఉంటాయి. తమిళంలో మూణరై, కన్నడంలో మూరువరె, రెండూ మూడున్నరే. నిన్నకూ రేపటికీ కూడా వేరువేరు మాటలున్నాయి. మాటలు నేర్చుకుంటే చాలు, లెక్క మార్చక్కర్లేదు.

5. జర్మనీ వెళ్లేవాళ్లకు: హాల్ప్ వినిపిస్తే అరగంట వెనక్కి

మన దగ్గర "మూడున్నర" అంటే మూడు అయిపోయింది, మీద అర. జర్మన్‌లో చూపు రాబోయే గంట మీద ఉంటుంది. హాల్ప్ ఫీర్ అంటే మాటకు మాట "సగం నాలుగు". నాలుగో గంటలో సగం గడిచిందని భావం. మూడు నుంచి నాలుగు దాకా నడిచేది నాలుగో గంట, అందులో సగం అంటే 3:30.

కాబట్టి ఇలా చేయండి. హాల్ప్ తరవాత వచ్చిన అంకె రాయండి, అందులోంచి అరగంట తీసేయండి. హాల్ప్ ఫ్యున్ఫ్: ఐదు, అరగంట తీస్తే 4:30. హాల్ప్ ఐన్స్: ఒకటి, అరగంట తీస్తే 12:30.

నా దగ్గర హిందీ నేర్చుకుని తరవాత జర్మనీలో ఎమ్మెస్‌కు వెళ్లిన అమ్మాయికి, అద్దె గది చూడటానికి ఓనరు హాల్ప్ ఫ్యున్ఫ్‌కు రమ్మన్నారు. తను ఐదున్నర అనుకుంది. పది నిమిషాలు ముందే, 5:20కి వెళ్లానని సంతోషపడింది కూడా. తీరా చూస్తే యాభై నిమిషాలు ఆలస్యం, గది వేరేవాళ్లు తీసుకున్నారు. ఒక్క మాట వల్ల మరో నెల స్నేహితురాలి గదిలో నేల మీద పడుకుంది.

నిమిషాలు కూడా హాల్ప్ చుట్టూ తిరుగుతాయి. "ఫ్యున్ఫ్ ఫోర్ హాల్ప్ ఫీర్" అంటే ముందు హాల్ప్ ఫీర్ తేల్చండి, 3:30. దానికి ఐదు నిమిషాలు ముందు, 3:25. ఫోర్ బదులు నాఖ్ ఉంటే తరవాత, 3:35. ఎడమనుంచి లెక్క మొదలుపెడితే తప్పుతుంది, ఎప్పుడూ హాల్ప్‌తో మొదలుపెట్టండి.

పావుల దగ్గర ప్రాంతాన్ని బట్టి తేడా ఉంది. ఎక్కువచోట్ల "ఫియర్టెల్ నాఖ్ డ్రై" అంటే 3:15, "ఫియర్టెల్ ఫోర్ ఫీర్" అంటే 3:45. తూర్పు, దక్షిణ ప్రాంతాల్లో చాలామంది 3:15ను "ఫియర్టెల్ ఫీర్" అంటారు, అంటే నాలుగో గంటలో పావు. "డ్రై ఫియర్టెల్ ఫీర్" నాలుగో గంటలో ముప్పావు, 3:45. మధ్యలో ఫోర్, నాఖ్ లేకుండా ఫియర్టెల్ వినిపిస్తే ఈ లెక్క వాడండి.

బ్రిటన్‌లో "హాఫ్ ఫోర్" అంటే మాత్రం 4:30, మధ్యలో పాస్ట్ అనే మాట మింగేస్తారు. మాట దాదాపు ఒకటే, తేడా గంట. ఇంగ్లండ్‌నుంచి జర్మనీకి మారినవాళ్లు ఇక్కడే పడతారు.

రోజుల పేర్లలో జర్మన్‌కు మనలాగే వేరువేరు మాటలున్నాయి: గెస్టర్న్ నిన్న, ఫోర్‌గెస్టర్న్ మొన్న, యూబర్‌మోర్గెన్ ఎల్లుండి. చిక్కంతా మోర్గెన్‌తో. అది రేపు కూడా, ఉదయం కూడా. "హోయ్టె మోర్గెన్" అంటే ఈ రోజు ఉదయం. రేపు ఉదయాన్ని "మోర్గెన్ ఫ్ర్యూ" అంటారు. రాతలో ఉదయానికి మొదటి అక్షరం పెద్దది, రేపటికి చిన్నది. వాక్యం మొదట్లో ఎలాగూ పెద్దక్షరమే కాబట్టి అక్కడ ఈ గుర్తు పనిచేయదు.

6. అర్ధరాత్రి దాటిన టైముకు తేదీ వేరుగా రాయండి

మనకు తెల్లారితే గానీ రోజు మారినట్టు అనిపించదు. రైలు టికెట్‌కు రాత్రి పన్నెండుకే మారుతుంది. టికెట్ మీద 13వ తేదీ, 00:20 అని ఉంటే స్టేషన్‌కు వెళ్లాల్సింది 12వ తేదీ రాత్రి. 13 రాత్రి వెళ్తే రైలు దాదాపు ఇరవై నాలుగు గంటల ముందే వెళ్లిపోయి ఉంటుంది.

ఇలాంటి ప్రయాణం గురించి ఇంట్లోవాళ్లకు చెప్పేటప్పుడు "ఎల్లుండి రాత్రి పన్నెండున్నరకి" అనకండి. "శుక్రవారం రాత్రి పడుకునే టైముకు స్టేషన్‌లో ఉండాలి, అర్ధరాత్రి దాటాక బండి" అని చెప్పండి. టికెట్ బుక్ చేసేవాళ్లకు మాత్రం తేదీ, 00తో మొదలయ్యే టైము, రెండూ చెప్పాలి.

7. తిరిగి చెప్పేటప్పుడు మాట మార్చి చెప్పండి

ఎక్కువమంది అవతలివాళ్ల మాటనే తిరిగి అంటారు. "పర్సోం పౌనే చార్, ఠీక్ హై." దీంతో ఏమీ తేలదు. వాళ్లు వాళ్ల అర్థంలో అంటారు, మీరు మీ అర్థంలో వింటారు. వారం పేరు, తేదీ, అంకెల్లో గంటలు నిమిషాలు, పూట: ఈ నాలుగూ పెట్టి అడగండి.

వాళ్లు బుధవారం ఫోన్ చేసి "పర్సోం పౌనే చార్ బజే మాల్ పహుంచేగా" అన్నారనుకోండి. చివర గా ఉంది, కుడివైపు రెండు గడులు, శుక్రవారం 12. పౌనే చార్, 3:45. ఇంకా పూట తెలియదు. అప్పుడు ఇలా అడగండి: "యానీ శుక్రవార్, బారహ్ తారీఖ్, త్రీ ఫార్టీ ఫైవ్. దోపహర్ కో, యా సుబహ్?" పైంతాలీస్ లాంటి హిందీ అంకెలు నోరు తిరగకపోతే ఇంగ్లిష్ అంకెలే వాడండి, పర్వాలేదు. సుబహ్ అనే మాట తెల్లవారుజామున నాలుగుకు కూడా వాడతారు, మన "ఉదయం" ఊహలో పెట్టుకోకండి. లారీలు ఆ వేళకు రావడం మామూలే.

జర్మన్‌లో కూడా ఇదే. హాల్ప్ ఫీర్ అన్నవాళ్లను "ఫ్యున్ఫ్‌సేన్ ఊర్ డ్రైసిష్?" అని అడగండి, అంటే 15:30. రైళ్ల ప్రకటనల్లో వాడేది ఈ 24 గంటల పద్ధతే, అందరికీ అర్థమవుతుంది.

సరిచూసుకోండి

ఈ రోజు బుధవారం 10వ తేదీ. కింద జవాబులు చూడకుండా కాగితం మీద రాయండి.

క) "మైం పర్సోం ఆయా థా, ఢాయీ బజే."
చ) "కల్ సవా బారహ్ బజే నికలేంగే."
ట) సాయంత్రం నాలుగింటికి ఫోన్: "డేఢ్ ఘంటే మేం ఆతా హూం."
త) "హాల్ప్ ఐన్స్", "పౌనే ఏక్": ఏది ముందు?
ప) "కల్ సే దుకాన్ బంద్ హై."

జవాబులు. క) సోమవారం 8, 2:30. 1:30 అని రాసి ఉంటే డేఢ్, ఢాయీ తారుమారైనట్టు, మూడో మెట్టు మళ్లీ చూడండి. చ) 12:15. పగలైతే గురువారం 11. రాత్రైతే అది 11 మొదలయ్యే రాత్రో, ముగిసే రాత్రో తేదీతో సహా అడగాలి. ట) ఈ రోజు సాయంత్రం 5:30. త) హాల్ప్ ఐన్స్ 12:30, పౌనే ఏక్ 12:45, కాబట్టి జర్మన్ మాటే ముందు. ప) దీనికి రోజు రాసినవాళ్లది తప్పే. షాపు నిన్నటినుంచి మూసి ఉందో, రేపటినుంచి మూస్తారో ఈ వాక్యంతో తేలదు. అడగాలి.